తారీకు ముందా, పేర్లు ముందా

కొత్త ప్రాజెక్టు మొదలయ్యే రోజున ఆ ఆఫీసులో ఒక తంతు ఉంది. పెద్దసారు ఎక్కడో శిక్షణకు వెళ్ళొచ్చి పెట్టిన తంతు. టీమంతా ఒక గదిలో కూర్చుంటుంది. ఎవరు ఏ పని చేయాలో రాసిన స్లైడు తెర మీద పడుతుంది. ఒక్కో పేరే చదువుతారు. పేరున్న మనిషి లేచి నిలబడి, తన పనేమిటో చెప్పి, "నాదే" అనాలి. మిగిలినవాళ్ళు చప్పట్లు కొట్టాలి. చూడటానికి బడిపిల్లల ఆటలా ఉంటుంది గానీ అది ఆట కాదు. ఆ "నాదే" మినిట్స్‌లోకి ఎక్కుతుంది, మినిట్స్ క్లయింటు దగ్గరికి వెళతాయి, ఇక ఆ పని ఆ మనిషి మెడకు చుట్టుకున్నట్టే. తర్వాత కీలకమైన వారాల్లో సెలవు కావాలంటే పెద్దసారు స్వయంగా సంతకం పెట్టాలి. ఆయన అలాంటి సంతకం పెట్టగా చూసినవాళ్ళు ఆ ఆఫీసులో లేరు.

వరుసమ్మకు ఈ తంతు కొట్టిన పిండి. ఎనిమిదేళ్ళుగా ఎవరెవరి ప్రాజెక్టులకో స్లైడ్లు తయారుచేసి, చివరి కుర్చీలో కూర్చుని మినిట్స్ రాసింది ఆమే. వరుసమ్మ అన్నది అత్తగారు పెట్టిన పేరు. వంటింటి డబ్బాలు, బీరువాలో చీరలు, చివరికి ఫ్రిజ్‌లో గుడ్లు కూడా ఒక వరుసలో లేకపోతే కోడలికి నిద్రపట్టదని ఆవిడ ఆరోపణ. భర్త ఒకసారి ఫోన్లో ఆ పేరుతో పిలవగా పక్క సీటువాళ్ళు విన్నారు. ఇంకేముంది, ఆఫీసంతా పాకిపోయింది.

అలాంటి వరుసమ్మకు ఇన్నాళ్ళకు సొంతంగా ఒక ప్రాజెక్టు దక్కింది. పక్క ఊళ్ళో కాదు, ఒక పూట ప్రయాణం దూరంలో ఉన్న పెద్ద ఆసుపత్రిది. అక్కడి రోగుల వివరాలన్నీ పాతికేళ్ళ నాటి పాత సిస్టమ్‌లో ఉన్నాయి. వాటిని కొత్తదానిలోకి మార్చాలి. పాతదాని నిర్వహణ ఒప్పందం నాలుగు నెలల్లో ముగిసిపోతుంది. అంటే తారీకు రాతి మీద గీత. రెండుసార్లు ఉత్తుత్తిగా మార్చి చూసుకుని, మూడోసారి నిజంగా మార్చాలి. ఆ మార్పిడికి ముందు రెండు వారాలు, తర్వాత రెండు వారాలు టీము ఆసుపత్రిలోనే మకాం పెట్టాలి. ఇంకా టీము లేకముందే పెద్దసారు ఆ తారీకుకు ఒప్పేసుకొని వచ్చాడు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అంటే ఇదే.

ఆ తంతు జరిగే కిక్-ఆఫ్ మీటింగుకు ముందు రోజు మధ్యాహ్నం పెద్దసారు ఆమెను తన గదికి పిలిచాడు. ఆమె స్లైడ్లు ఆయన ముందున్న తెర మీద తెరిచి ఉన్నాయి.

"బాగా చేశావమ్మా. ముందు లక్ష్యాలు. అవును, ఎందుకు చేస్తున్నామో తెలియాలి. తర్వాత ఏం పెట్టావు? టైమ్‌లైనా? కాదు కాదు. తర్వాత పేర్లు. ఆ తర్వాత టైమ్‌లైన్. ఆఖర్న రిస్కులు. అదీ టైముంటేనే."

"సార్, ఎప్పుడు, ఎంత పని అని తెలిశాక పేర్లు చదివితే బాగుంటుందేమోనని..."

"రిస్కు అన్నాక దానికో యజమాని ఉండాలా వద్దా? పేర్లు ముందు లేకపోతే ఆ కాలమ్‌లో ఎవరిని రాస్తావు? యజమాని లేని రిస్కు రిస్కు కాదమ్మా, సణుగుడు."

మాట తప్పు కాదు. వరుసమ్మ కూడా ఆ సంగతి ఆలోచించింది. రిస్కు ఎవరిదో రాయకపోతే దాన్ని ఎవరూ పట్టించుకోరు. అందుకని ఆమె తల ఊపింది. అక్కడితో ఆయన ఆగి ఉంటే బాగుండేది. ఆగలేదు. తలుపు వేసి ఉందో లేదో చూసి గొంతు తగ్గించాడు.

"అసలు సంగతి అది కాదు. మన తాత ఉన్నాడే, వాడికి ఆ నెలలో ఏదో ఇంట్లో పని ఉందట. తారీకు ముందు చూపిస్తే తల అడ్డంగా ఊపుతాడు. పాత సిస్టమ్ తెలిసింది వాడొక్కడికే. ముందు మనిషిని నిలబెట్టు, ఆ తర్వాత తారీకు చూపించు. మీటింగయ్యేదాకా ఆ తారీకు నీ నోటివెంట రాకూడదు. ఎవరితోనూ."

"ఇంకొకరికి నేర్పిద్దాం సార్. నాలుగు నెలలుందిగా. తోడుగా ఒక మనిషిని ఇవ్వండి, నేను రాశాను కూడా, రిస్కుల స్లైడులో..."

"చూశాను. తీసేశాను. మనుషుల్లేరమ్మా. పైన అడిగితే ఉన్నవాళ్ళతోనే చేసుకోమన్నారు." ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. "నీకు ఇబ్బందైతే చెప్పు. పక్క టీమువాళ్ళు ఈ ప్రాజెక్టు కోసం కాచుకుని ఉన్నారు."

ఎనిమిదేళ్ళు ఎదురుచూసిన దానికి ఇంత చిన్న ధర అడుగుతున్నాడు అనుకుంది వరుసమ్మ. ఒక స్లైడు కిందికి, ఒక స్లైడు పైకి. ఆమె "సరే సార్" అంది. బయటికి వచ్చాక తన మీద తనకే ఒళ్ళు మండింది.

తాత అనేది ముసలాయన కాదు. ముప్పై రెండేళ్ళు కూడా నిండని మనిషి. ఎవరికీ పట్టని పాత సిస్టమ్‌ను ఉద్యోగంలో చేరిన కొత్తలో అతనికి అంటగట్టారు, అతను దాన్ని ప్రేమగా నేర్చుకున్నాడు, అందుకని ఆ పేరు. వరుసమ్మ అతనితో ఇంతకు ముందు కలిసి పనిచేయలేదు. టీములోకి వచ్చిన మొదటి రోజునే కాఫీ మెషీన్ దగ్గర అతను తనంత తానుగా చెప్పాడు.

"మేడమ్, మీకొక్కరికే చెబుతున్నా. మా ఆవిడకి అయిదో నెల."

"అబ్బో! తాత తండ్రి కాబోతున్నాడన్నమాట!"

అతను సిగ్గుపడి నవ్వాడు. తర్వాత నవ్వు కాస్త తగ్గింది. "కిందటిసారి ఇలాగే ఒక మార్పిడి పనిమీద వేరే ఊళ్ళో ఉన్నాను మేడమ్. ఏడో నెలలో కడుపు పోయింది. ఫోన్లో విన్నాను. నేను వచ్చేసరికి అన్నీ అయిపోయాయి. ఆవిడ నన్నేమీ అనలేదు. అదే నాకు... అందుకని ఈసారి మాటిచ్చాను. పురుడొచ్చే నెలంతా ఇంట్లోనే ఉంటానని."

ఆ నెల ఏదో అతను చెప్పాడు. వరుసమ్మ మనసులో తారీకుల పట్టిక దానంతట అదే తెరుచుకుంది. సరిగ్గా ఆసుపత్రిలో మకాం పెట్టే నెల. అప్పటికి పెద్దసారు ఆంక్ష ఇంకా పెట్టలేదు. అయినా ఆమె నోరు తెరవలేదు, తారీకు ఇంకా మారవచ్చని తనకు తాను చెప్పుకుంది. అలాంటి సర్దుబాట్లు మనసుకు భలే తొందరగా దొరుకుతాయి.

మీటింగుకు ముందు రోజు సాయంత్రం ఇంట్లో ఆమె భోజనాల బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంది. అత్తగారు ఎదురుగా టీవీ సీరియల్ చూస్తూ, మధ్యమధ్య కోడలిని కూడా అదే శ్రద్ధతో చూస్తున్నారు.

"ఏమే, ఆ నాలుగు ముక్కలు పైకీ కిందికీ జరపడానికి గంట పట్టిందా? అంత చదువూ దీనికేనా?"

"నాలుగు ముక్కలే అత్తయ్యా. కానీ ఏది ముందు పెడితే మనుషులు ఎలా మారిపోతారో మీకు తెలీదు."

"ఎందుకు తెలీదు? మీ మావగారు పెళ్ళిచూపులకొచ్చినప్పుడు ముందు ఉద్యోగం సంగతి చెప్పారు, మేడమీద గది సంగతి చెప్పారు. నలుగురు ఆడపడుచులున్న సంగతి మాత్రం అంతా ఖాయమయ్యాకే చెప్పారు."

భర్త పక్క గదిలోంచి పకపకా నవ్వాడు. ఆయనకు బీమా ఆఫీసులో పని. టవల్‌తో తల తుడుచుకుంటూ వచ్చి భార్య భుజం మీదుగా తెర చూశాడు. ఆమె విషయం చెప్పింది. పేరు ముందా, తారీకు ముందా అన్న పేచీ, తాత సంగతి, అన్నీ.

"ఇందులో ఆలోచించడానికేముంది? మా ఆఫీసులో చూడు. షరతులన్నీ ముందే చదివి వినిపిస్తాం. అన్నీ విన్నాకే సంతకం తీసుకుంటాం. అదీ పద్ధతి. ఆ తర్వాత ఇంకెవడూ నోరెత్తడానికి ఉండదు."

ఆ మాటలో ముందు సగమే వరుసమ్మ చెవికెక్కింది. అన్నీ విన్నాకే సంతకం. అంతే కదా న్యాయం! దానికి ఇంత మథనపడాలా? ఆమె చకచకా స్లైడ్లు జరిపింది. లక్ష్యాలు, టైమ్‌లైన్, రిస్కులు, ఆఖర్న పేర్లు. పెద్దసారు తీసేసిన వాక్యాన్ని రిస్కుల స్లైడులో మళ్ళీ మొదటి వరుసలోనే పెట్టింది. "పాత సిస్టమ్ తెలిసినవారు ఒక్కరే. వారు అందుబాటులో లేకపోతే మార్పిడి ఆగిపోతుంది. జరిగే అవకాశం: ఎక్కువ. ప్రభావం: తీవ్రం. నివారణ: తోడుగా మరొకరికి శిక్షణ." యజమాని కాలమ్ ఖాళీగా వదిలింది. పేర్లయ్యాక అక్కడే అందరి ముందూ నింపుతానని నిర్ణయించుకుంది. గదిలో ఆసుపత్రి డాక్టరమ్మ కూడా ఉంటుంది. ఆవిడ ఆ వాక్యం చూస్తే తోడు మనిషిని ఇవ్వక పెద్దసారు ఏం చేస్తాడు? తాత తారీకు చూస్తాడు, కాదంటాడు, ఇంకో దారి వెతకక తప్పదు. పాము చావాలి, కర్ర విరగకూడదు. కర్ర విరగకుండా చచ్చే పాములు ఆఫీసుల్లో ఎక్కడుంటాయి గానీ, ఆ పూట ఆమెకు అది మహా గొప్ప ఎత్తుగా కనిపించింది.

పొద్దున్నే తాత మళ్ళీ కాఫీ మెషీన్ దగ్గర కనిపించాడు. కాగితం కప్పు పట్టుకుని, ఇంకెవరూ లేకుండా. మీటింగుకు ఇంకా బోలెడంత సమయం ఉంది.

"గుడ్ మార్నింగ్ మేడమ్. రాత్రి నిద్రపోలేదా?"

"స్లైడ్లు సర్దుతూ కూర్చున్నా. ఆవిడ ఎలా ఉన్నారు?"

"బాగుంది మేడమ్. నిన్న లోపల బిడ్డ కదిలిందట, నా చెయ్యి పట్టుకెళ్ళి పెట్టింది. నాకేమీ తెలియలేదు గానీ తెలిసిందని అబద్ధం చెప్పాను."

ఇద్దరూ నవ్వారు. ఇప్పుడు చెప్పేయాలి అనుకుంది ఆమె. ఒక్క వాక్యం. మార్పిడి ఫలానా నెలలో. మీరు ఆలోచించుకుని రండి. కానీ ఆ వాక్యం చెబితే అది తాను చెప్పినట్టవుతుంది. పెద్దసారు రేపు ఎవరు చెప్పారని అడిగితే తాత అబద్ధం చెప్పలేని మనిషి. అదే తెర మీద కనిపిస్తే తారీకు చెప్పినట్టవుతుంది, తాను కాదు. ఎలాగూ ఇంకాసేపట్లో చూస్తాడుగా. పేరు చదవకముందే చూస్తాడుగా. వరుస మార్చానుగా.

"ఏదో చెప్పబోయారు మేడమ్?"

"ఏం లేదు. మీటింగుకి త్వరగా రండి, ముందు కూర్చోండి."

మీటింగు గది నిండిపోయింది. టీములో చాలామంది ఒకరికొకరు కొత్త. టెస్టింగ్ అమ్మాయి వేరే శాఖ నుంచి వచ్చింది. శిక్షణ ఇచ్చే మాస్టారు ఆసుపత్రి సిబ్బందికి కొత్త సిస్టమ్ నేర్పడానికి వచ్చాడు. ఇంకో ముగ్గురు నెట్‌వర్కులూ సర్వర్లూ చూసేవాళ్ళు. బల్లకు ఒక చివర పెద్దసారు, ఆయన పక్కన ఆసుపత్రి నుంచి వచ్చిన డాక్టరమ్మ. వరుసమ్మ చెప్పినట్టే తాత ముందు వరుసలో కూర్చున్నాడు.

మొదటి స్లైడు ఎజెండా. లక్ష్యాలు, టైమ్‌లైన్, రిస్కులు, బాధ్యతలు. పెద్దసారు కళ్ళద్దాలు సర్దుకుని దాన్ని రెండుసార్లు చదివాడు. వరుసమ్మ వైపు చూశాడు. డాక్టరమ్మ పక్కనే ఉంది. తేలు కుట్టిన దొంగలా ఆయన నోరు మూసుకుని కూర్చున్నాడు. వరుసమ్మకు లోపల ఎక్కడో సంతోషం వేసింది.

లక్ష్యాలు బాగా నడిచాయి. ఆసుపత్రికి వచ్చిన రోగి పాత చీటీలు ఏ గదిలో అడిగినా ఒక్క నిమిషంలో కనిపించాలి. ఒక్క రోగి వివరం కూడా తప్పిపోకూడదు. బిల్లింగ్ విషయం ఈ ప్రాజెక్టులోకి రాదు, ఎవరూ దాన్ని మధ్యలో ఇరికించకూడదు. డాక్టరమ్మ తల ఊపింది. తర్వాత టైమ్‌లైన్. ఉత్తుత్తి మార్పిడి ఒకటి, ఉత్తుత్తి మార్పిడి రెండు, శిక్షణ, ఆ తర్వాత ఎరుపు రంగులో ఆసుపత్రిలో మకాం, దాని మధ్యలో అసలు మార్పిడి తారీకు.

తాత ఆ ఎరుపు గడి వైపు చూశాడు. వరుసమ్మ అతన్నే చూస్తోంది. అతని ముఖంలో ఏమీ మారలేదు. పెన్ను మూత మాత్రం తీసి మళ్ళీ పెట్టాడు.

"ఈ తారీకు మారే అవకాశం ఏమైనా ఉందా మేడమ్?" అని అడిగింది టెస్టింగ్ అమ్మాయి. పాపం తన సొంత పనిభారం చూసుకుని అడిగింది.

డాక్టరమ్మ జవాబిచ్చింది. "లేదమ్మా. పాతదాని ఒప్పందం ఆ నెలాఖరుతో అయిపోతుంది. ఆ తర్వాత అది ఆగిపోతే బాగుచేసే నాథుడు ఉండడు. మా ఐసీయూలో వాళ్ళకి ఏ మందు పడదో కూడా అందులోనే ఉంది."

ఐసీయూ అన్న మాట గదిలో అందరి మీదా పడింది. తర్వాతి స్లైడు రిస్కులు. వరుసమ్మ మొదటి వరుస చదివింది. పాత సిస్టమ్ తెలిసినవారు ఒక్కరే. చదువుతుండగానే ఆమెకు అర్థమైంది. గదిలో తలలన్నీ ఒక్కొక్కటిగా తాత వైపు తిరుగుతున్నాయి. కొత్తగా కలిసిన మనుషులు, అతని పేరు కూడా ఇంకా సరిగా తెలియనివాళ్ళు, అందరూ అతన్నే చూస్తున్నారు. నిన్న రాత్రి ఆమె రాసిన వాక్యం పెద్దసారు మీదికి గురిపెట్టిన వాక్యం. అది వెళ్ళి అతని మీద పడింది.

"దీనికి ఏం చేస్తున్నారు?" డాక్టరమ్మ అడిగింది. గొంతులో నిజమైన భయం ఉంది.

"నివారణ రాశాం మేడమ్. తోడుగా ఇంకొకరికి..." వరుసమ్మ మొదలుపెట్టింది.

పెద్దసారు అందుకున్నాడు. ఆయన ముఖం తేటపడింది. ముప్పై ఏళ్ళ అనుభవం ఊరికే పోతుందా! "తప్పకుండా ప్రయత్నిస్తాం డాక్టరుగారూ. కానీ మీరు కంగారు పడక్కర్లేదు. మాకు తాత ఉన్నాడు. ఆ సిస్టమ్ వాడి చేతిలో బొంగరం. ఏం తాతా?"

తాత నవ్వినట్టు పెదాలు కదిపాడు.

ఇక పేర్ల స్లైడు. మొదటి పేరు వరుసమ్మదే. "ప్రాజెక్టు నిర్వహణ. నాదే," అంది. చప్పట్లు. రెండో పేరు. పాత సిస్టమ్ నుంచి వివరాల మార్పిడి. ఆమె చదవాలి.  ఇది ఆపాలి, ఎలాగో ఆపాలి. "దీని గురించి తర్వాత విడిగా మాట్లాడుకుందాం," అనేస్తే? ఐసీయూ అన్నాక, యజమాని కాలమ్ ఖాళీగా కళ్ళ ముందు పెట్టాక, డాక్టరమ్మ భయం విన్నాక? ముందు నుయ్యి, వెనుక గొయ్యి. ఆ రెండూ తవ్విన పలుగు ఆమె చేతిలోనే ఉంది.

ఆమె చదవకముందే తాత లేచాడు. ఏదైనా అడుగుతాడేమో, కాదంటాడేమో అని ఆమె అతని వైపే చూసింది. అతను ఒకసారి గదిని చూశాడు. డాక్టరమ్మను చూశాడు. డాక్టరమ్మ చేతులు రెండూ బల్ల మీద ఒకదానిలో ఒకటి పెట్టుకుని అతన్నే చూస్తోంది.

"వివరాల మార్పిడి," అన్నాడు. పెన్ను బల్ల మీద పెట్టాడు. "నాదే."

అందరూ చప్పట్లు కొట్టారు. మిగిలిన వాళ్ళకంటే గట్టిగా కొట్టారు. టెస్టింగ్ అమ్మాయి అయితే నవ్వుతూ అతని భుజం తట్టింది. వరుసమ్మ కూడా చప్పట్లు కొట్టింది. కొట్టకపోతే బాగుండదు కదా.

తర్వాత రిస్కుల స్లైడుకు వెనక్కి వెళ్ళి యజమాని కాలమ్ నింపారు. మొదటి రిస్కుకు యజమానిగా ఎవరిని రాయాలని అడిగితే పెద్దసారు తాత పేరు చెప్పాడు. తాను లేకపోతే అన్న రిస్కుకు తానే యజమాని. వరుసమ్మ దానికి అడ్డుపడింది.

"అది నా పేరు మీద ఉండాలి సార్. తోడు మనిషిని తెచ్చే బాధ్యత నాది. అతనిది కాదు."

"రాసుకో అమ్మా, నీ ఇష్టం," అన్నాడు పెద్దసారు ఉదారంగా. ఆమె తన పేరు టైపు చేసింది. మనిషిని ఇచ్చే అధికారం ఉన్నవాడు ఆయన. పేరు మాత్రం ఆమెది.

మీటింగు ముగిసింది. డాక్టరమ్మను లిఫ్టు దాకా సాగనంపి వచ్చి, పెద్దసారు కారిడార్‌లో వరుసమ్మను ఆపాడు. తిడతాడనుకుంది. తిడితే బాగుండునని కోరుకుంది కూడా.

"నా మాట కాదని చేశావు. ముందు ఒళ్ళు మండింది, అబద్ధమెందుకు. కానీ నీదే కరెక్టమ్మా. నా లెక్కన చేసి ఉంటే తారీకు చూశాక వాడు నా గదికొచ్చి, ముందు చెప్పలేదు సార్ అని గోల చేసేవాడు. పైకి కూడా రాసేవాడేమో. నేను ఎక్కడో ఒకచోట తగ్గాల్సొచ్చేది. ఇప్పుడా మాటే లేదు. తారీకు చూశాడు, రిస్కు విన్నాడు, క్లయింటు ముందు లేచి ఒప్పుకున్నాడు." ఆయన ఆమె భుజం తట్టాడు. "ఇకనుంచి మన ఆఫీసులో అన్ని కిక్-ఆఫ్‌లకూ ఇదే వరుస. అందరికీ నీ స్లైడ్లే పంపిస్తాను."

ఆయన వెళ్ళిపోయాడు. వరుసమ్మ గోడకు ఆనుకుని నిలబడింది. పెద్దసారు వేసిన వలకు కనీసం ఒక కన్నం ఉండేది. "నాకు తెలియదు" అనే కన్నం. దాంట్లోంచి తాత బయటపడగలిగేవాడు. తాను మంచి చేయబోయి ఆ కన్నాన్ని కుట్టేసింది. అదీ న్యాయం పేరుతో, తన చేత్తో. చెప్పాల్సిన మాట ఒక మనిషికి ఒంటరిగా చెప్పాల్సిన మాట. దాన్ని పదిమంది ముందు తెర మీద వేసి, ధైర్యం చేశాననుకుంది. అది ధైర్యం కాదు, పిరికితనం. తాను చెప్పకుండా స్లైడు చేత చెప్పించింది.

గదిలో ఇంకా తాత ఉన్నాడు. తెర మీద యజమాని కాలమ్ నింపిన స్లైడు అలాగే ఉంది. అతను ల్యాప్‌టాప్ తీగ చుడుతున్నాడు. ఆమె లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసింది.

"ఎందుకు ఒప్పుకున్నారు?" అంది. అడగడానికి తనకేం హక్కుందో ఆమెకే తెలియదు.

"అంతమంది చూస్తుంటే ఏమంటాం మేడమ్? ఐసీయూ అన్నారు. నా భార్యకి పురుడు అని ఎలా అంటాను? అన్నా, వాళ్ళు నన్ను చూసే చూపు మారిపోదా?" తీగ చుట్టడం ఆపాడు. "ఒకటి అడగనా? పొద్దున కాఫీ దగ్గర మాట్లాడుకున్నప్పుడు మీకీ తారీకు తెలుసా?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. నిన్న రాత్రే తెలిసింది, పొద్దున మర్చిపోయాను, ఏదో ఒకటి.

"తెలుసు. మొదటి రోజు మీరు చెప్పినప్పుడే తెలుసు."

అతను కోప్పడలేదు. కోప్పడినా ఆమె తట్టుకునేది. మెల్లగా తల ఊపాడు, లెక్క సరిపోయిందన్నట్టు.

"అప్పుడు చెప్పుంటే కాదనేవాణ్ణి మేడమ్. మీరొక్కరే కదా ఉన్నది. మీ ముందు కాదనడం పెద్ద కష్టం కాదు."

"నేను పెద్దసారుతో మాట్లాడతాను. రోజూ వెళ్ళి కూర్చుంటాను. తోడు మనిషిని తెస్తాను, పురుటి వారానికైనా మిమ్మల్ని..."

"ప్రయత్నించండి." ఆ మాటలో నమ్మకమూ లేదు, ఎత్తిపొడుపూ లేదు. అతను జేబులోంచి ఫోను తీసి చేతిలో పట్టుకున్నాడు. తెర వెలిగింది, ఆరింది. "మధ్యాహ్నం ఫోన్ చేస్తానన్నాను ఇంటికి. మీటింగు ఎలా అయిందో చెప్పమంది. ఎదురుచూస్తూ ఉంటుంది."

వరుసమ్మ గది అతనికి వదిలి వెళ్ళబోయింది. అతను వెనకనుంచి పిలిచాడు.

"మేడమ్."

ఆమె తిరిగింది. అతని ముఖంలో వెటకారం కోసం వెతికింది, లేదు. నిజంగానే అడుగుతున్నాడు, దారి తెలియని మనిషి అడిగినట్టు.

"ఏది ఏ వరుసలో చెబితే మనుషులు ఒప్పుకుంటారో మీకు బాగా తెలుసు కదా. మా ఆవిడకి ఏది ముందు చెప్పమంటారు?"